“పుండు సెప్టిక్ అయిందంట” దగ్గర ఆగిపోకుండా: సెప్సిస్ గురించి బంధువులకు చెప్పే పద్ధతి

నేను అనంతపురం జిల్లాలో 14 ఏళ్లుగా స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం క్యాజువాల్టీలోనే. కొన్నేళ్ల కిందట ఒక రాత్రి, షుగర్ ఉన్న ఒక పెద్దాయనను ఆయన కొడుకు తీసుకొచ్చాడు. “మీ నాయనకు సెప్సిస్ అయింది, చాలా సీరియస్‌గా ఉంది, ఇక్కడ సంతకం పెట్టు” అన్నాను. పెట్టాడు. కాసేపటికి వరండాలో వాళ్లక్కకు ఫోన్ చేసి చెబుతుంటే నా చెవిన పడింది. “ఏం లేదక్కా, కాలి పుండు సెప్టిక్ అయిందంట. కట్టు కడితే తగ్గిపోతాదంట. నువ్వు పొద్దున్నే బస్సుకు రా.” తెల్లవారుజామున ఐదు గంటలకు ఆయన చనిపోయాడు. అక్క వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ అబ్బాయి నన్ను అడిగింది ఒక్కటే: “కాలి పుండుకు మనిషి పోతాడా సిస్టర్?”

నేను అబద్ధం చెప్పలేదు, ఏదీ దాచలేదు. కానీ నేను చెప్పింది అతనికి చేరలేదు. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడుతూ ఒళ్లే అదుపు తప్పి అవయవాలు దెబ్బతినడం. అప్పటి నుంచి ఈ విషయం చెప్పే పద్ధతి మార్చుకుంటూ వచ్చాను. కొత్తగా డ్యూటీలో చేరే నర్సులు, హౌస్ సర్జన్లు, ఊళ్లలో ఆశా అక్కలు, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకునే ఎవరైనా వాడుకోవడానికి దాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మన దగ్గర తరచుగా కనిపించే కేసునే తీసుకుంటాను: షుగర్ ఉన్న రైతు, కాలికి ముల్లు, ఆలస్యంగా ఆస్పత్రికి రావడం.

ముందుగా, అపార్థమయ్యే మాటలను పక్కన పెట్టండి

‘సెప్సిస్’ అనగానే మనవాళ్లకు వినపడేది ‘సెప్టిక్’. ఊళ్లో సెప్టిక్ అంటే పుండు చీము పట్టడం. దానికి కట్టు, సూది చాలు అన్నది వాళ్ల అనుభవం. కాబట్టి ఆ మాట వినగానే వాళ్ల టెన్షన్ పెరగదు, తగ్గుతుంది. పేరు చెప్పవద్దని నేను అనడం లేదు. తర్వాత వేరే ఆస్పత్రిలో అవసరం పడుతుంది కాబట్టి చెప్పాలి. కానీ మొదట జరుగుతున్నది చెప్పి, పేరు చివర్లో చెప్పండి. “దీన్ని సెప్సిస్ అంటారు. పుండు సెప్టిక్ కావడం వేరు, ఇది వేరు” అని విడదీసి చెప్పండి.

‘రక్తంలో విషం చేరింది’ అని చాలామంది చెబుతారు. మన ప్రాంతంలో అది ప్రమాదకరమైన మాట. పురుగుల మందు తాగిన కేసులు రోజూ చూసే చోట ‘విషం’ అంటే ఇంట్లో వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. “మా ఆయన ఏమీ తాగలేదు మేడమ్” అని భార్య ఏడుపు మొదలుపెడుతుంది. పోలీసు కేసు అవుతుందేమోనని భయపడి, చెప్పాల్సిన విషయాలు కూడా దాచేస్తారు. ‘రక్తంలో ఇన్ఫెక్షన్’ అంటే అంత నష్టం లేదు గానీ, వెంటనే “అయితే రక్తం మార్చండి, మేము ఇస్తాం” అంటారు.

బీపీ బాగా పడిపోయిందన్న అర్థంలో మనం ‘షాక్‌లో ఉన్నాడు’ అంటే, వాళ్లు ఏదో చెడు వార్త విన్నాడనో, కరెంటు కొట్టిందనో అనుకుంటారు. ‘బీపీ మందు పెట్టాం’ అంటే “ఆయనకు బీపీ లేదు కదా, ఎందుకు పెట్టారు?” అని గొడవ. మన వాడుకలో ‘బీపీ ఉంది’ అంటే బీపీ ఎక్కువ ఉందనే. పడిపోయిన బీపీని పైకి లేపే మందు అని పూర్తిగా చెప్పకపోతే, తప్పు మందు ఇచ్చారన్న అనుమానం అక్కడే పుడుతుంది.

కేసు

ఇది ఒకే మనిషి కథ కాదు. ఇలాంటివి చాలా చూశాక కలిపి రాసినది. కళ్యాణదుర్గం వైపు పల్లె, 58 ఏళ్ల రైతు, నాలుగెకరాల చీనీ తోట. 12 ఏళ్లుగా షుగర్. తోటలో కంప ముల్లు కాలికి గుచ్చుకుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది కాబట్టి ఆయనకు తెలియలేదు. నాలుగు రోజులకు పాదం వాచింది. ఊళ్లో ఆర్ఎంపీ మూడు రోజులు సూదులు వేశాడు. జ్వరం తగ్గింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

తొమ్మిదో రోజు పొద్దున ఆయన లేవలేదు. మధ్యాహ్నం, ఎప్పుడో చనిపోయిన తమ్ముడిని పేరు పెట్టి పిలిచాడు. సాయంత్రం దాకా ఒంటికి పోలేదు. 108లో 60 కిలోమీటర్లు వచ్చి రాత్రి ఏడున్నరకు మా దగ్గర చేరారు. ఒళ్లు చల్లగా ఉంది, టెంపరేచర్ 96.8. నాడి 124. ఊపిరి నిమిషానికి 30 సార్లు. బీపీ 84/50. షుగర్ 412. గొట్టం వేస్తే వచ్చిన మూత్రం 40 మిల్లీలీటర్లు, టీ డికాక్షన్ రంగులో. కట్టు విప్పితే వార్డు చివరి మంచం దాకా వాసన.

వెంట వచ్చినవాళ్లు ఇద్దరు: భార్య, పాతికేళ్ల కొడుకు.

మాట్లాడే ముందు రెండు నిమిషాలు

నిర్ణయం తీసుకునేది ఎవరో కనుక్కోండి. చాలాసార్లు ఆ మనిషి మన ముందు ఉండడు. బెంగుళూరులో పనిచేసే అల్లుడో, ధర్మవరంలో ఉండే బామ్మర్దో అయి ఉంటాడు. మనం కొడుక్కు చెబుతాం, కొడుకు సగం మర్చిపోయి ఫోన్లో పావు వంతు చెబుతాడు, అవతలివాడు దాన్నిబట్టి నిర్ణయిస్తాడు. అందుకని నేను మొదటే అడుగుతాను: “ఇంకెవరికైనా చెప్పాలా? ఫోన్ కలపండి, స్పీకర్ పెట్టండి, అందరికీ ఒకేసారి చెబుతాను.” రెండు నిమిషాలు పోతాయి గానీ గంట మిగులుతుంది.

భార్యను పక్కకు నెట్టేయకండి. మాట మారింది ఎప్పుడో, ఒంటికి పోయి ఎంతసేపైందో తెలిసేది ఆమెకే. కొడుకు “నిన్నటి నుంచే సార్” అంటాడు. ఆమెను అడిగితే “మొన్న రాత్రే కంచం ముందు కూర్చుని తినడం మర్చిపోయినాడు” అంటుంది. జబ్బు ఎప్పుడు మొదలైందో డాక్టరుకు తెలియాలంటే ఆ మాట కావాలి.

ఒక విషయం మాత్రం మర్చిపోవద్దు. మాట్లాడటం కోసం వైద్యం ఆగకూడదు. ఒకరు సూది గుచ్చుతుంటే ఇంకొకరు మాట్లాడాలి. నైట్ డ్యూటీలో ఒక్కరే ఉంటే చేతులతో పని చేస్తూనే నోటితో చెప్పండి.

మొదటి నాలుగు వాక్యాలు

ఆ రాత్రి చెప్పేది దాదాపు ఇలాగే ఉంటుంది.

“అమ్మా, తమ్ముడూ, ముందు ఇది వినండి. కాలిలో మొదలైన ఇన్ఫెక్షన్ ఇప్పుడు కాలితో ఆగలేదు. దానితో పోరాడుతూ ఒళ్లు అదుపు తప్పింది, ఆ దెబ్బ మెదడుకు, ఊపిరితిత్తులకు, కిడ్నీలకు తగులుతోంది. అందుకే ఆయన తడబడి మాట్లాడుతున్నాడు, ఎగఊపిరి తీస్తున్నాడు, ఒంటికి రావడం లేదు. ప్రాణానికి ప్రమాదం ఉంది, మందులు ఇప్పుడే మొదలుపెడుతున్నాం.”

ఇంతే. తర్వాత ఆగండి. పది సెకన్లు ఏమీ మాట్లాడకండి. ‘ప్రాణానికి ప్రమాదం’ అన్న మాట లోపలికి దిగడానికి అంత సమయం కావాలి. ఆ తర్వాతే వాళ్లు అడగగలుగుతారు.

ఇక్కడ నేను వాళ్లు చూసిన గుర్తులనే వాడాను. తడబాటు, ఎగఊపిరి, ఒంటికి రాకపోవడం. ఈ మూడూ వాళ్ల కళ్లముందు జరిగాయి, కానీ వేర్వేరుగా జరిగాయి. షుగర్ ఎక్కువై మాట తడబడుతోందని, నీరసానికి ఆయాసం వస్తోందని, నీళ్లు తాగకపోవడం వల్ల ఒంటికి రావడం లేదని అనుకున్నారు. మూడూ ఒకే తాడుకు కట్టి ఉన్నాయని చూపిస్తే చాలు, ఇంకేమీ వివరించకముందే సగం అర్థమవుతుంది. 2016లో ప్రపంచవ్యాప్తంగా మార్చిన సెప్సిస్ నిర్వచనంలో ఉన్నదీ ఇదే. ఇన్ఫెక్షన్‌కు ఒళ్లు అదుపు తప్పి స్పందించడం వల్ల అవయవాలు ప్రాణాపాయంగా దెబ్బతినడం.

డ్రిప్పు పైపులతో చెప్పండి

“కాలిలో పుండు ఉంటే కిడ్నీ ఎందుకు ఆగుతుంది?” అని తప్పకుండా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. మన జిల్లాలో దీనికి జవాబు ప్రతి చీనీ తోటలోనూ ఉంది.

“తమ్ముడూ, తోటకు డ్రిప్పు ఉందా? మోటారు బాగానే తిరుగుతోంది, కానీ పైపులు ఎండకు మెత్తబడి వదులైపోయి, అక్కడక్కడా చిల్లులు పడి నీళ్లు కారిపోతున్నాయి అనుకో. ప్రెజర్ ఏమవుతుంది?”

“పడిపోతుంది.”

“చివరి చెట్లకు?”

“నీళ్లు అందవు.”

“మోటారు ఏం చేస్తుంది?”

“గట్టిగా కొట్టుకుంటుంది, కాలిపోతుంది.”

ఇక మిగిలినది అతికించడమే. మోటారు గుండె, అందుకే నాడి 124. పైపులు రక్తనాళాలు. ఇన్ఫెక్షన్ వల్ల అవి వదులవుతాయి, వాటి గోడల్లోంచి నీరు బయటకు ఊరుతుంది. ప్రెజర్ అంటే బీపీ, 84కు పడింది. నీళ్లందని చెట్లు కిడ్నీలు, మెదడు. సెలైన్ అంటే లైనులోకి నీళ్లు నింపడం. కేవలం నీళ్లే నింపుతూ పోతే చిల్లుల్లోంచి కారి తోటంతా బురదవుతుంది, అంటే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. అందుకని కొంత సెలైన్ ఇచ్చాక కూడా ప్రెజర్ లేవకపోతే, వదులైన పైపులను బిగించే మందు పంపులో పెడతారు. దాని పేరు నారడ్రినలిన్. చిల్లులకు అసలు కారణం కాలిలో ఉంది. దానికి యాంటీబయాటిక్ సూది, చీము తీసే ఆపరేషన్.

పోలికకు హద్దు ఉందని గుర్తుంచుకోండి. ఒకసారి ఒకాయన “అయితే పైపు మార్చేయండి” అన్నాడు. నవ్వకూడదు, ఆయన నిజంగానే అడిగాడు. “పైపులు మార్చలేం, ఇన్ఫెక్షన్ తగ్గితే వాటంతట అవే బిగుస్తాయి. అందాకా మందుతో పట్టి ఉంచుతాం” అని చెప్పాలి. తోట లేనివాళ్లకు, కర్నూలు టౌన్‌లోనో కడపలోనో అపార్టుమెంటులో ఉండేవాళ్లకు, పైఅంతస్తు కుళాయికి నీళ్లెక్కకపోవడం గుర్తు చేస్తే సరిపోతుంది.

టైము ఎందుకు అంత ముఖ్యమో చెప్పడం

ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, “ఆలస్యంగా తెచ్చారు” అని మొదటి మాటగా అనడం. అది నిజమే కావచ్చు, కానీ ఆ క్షణంలో దానివల్ల రోగికి ఒరిగేది ఏమీ లేదు, చెప్పినవాళ్ల మీద నమ్మకం మాత్రం పోతుంది. ఆర్ఎంపీని తిట్టడం కూడా అంతే. రెండో తప్పు, “గంటలో సూది పడితే బతుకుతాడు” అని మాటివ్వడం. సూది టైముకే పడి మనిషి పోయిన రాత్రులు నాకు తెలుసు.

తెలిసినంతలో నిజం ఇది. 2021 అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం, బీపీ పడిపోయిన రోగికి, లేదా సెప్సిస్ అనే అనుమానం బలంగా ఉన్న రోగికి, గుర్తించిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. బీపీ బాగానే ఉండి, సెప్సిస్ అవునో కాదో తేలనప్పుడు, త్వరగా పరీక్షలు చేసి, అనుమానం తీరకపోతే మూడు గంటల్లోపు ఇవ్వాలి. 2006లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో, బీపీ పడిపోయాక సరైన యాంటీబయాటిక్ ఆలస్యమైన ప్రతి గంటకూ బతికేవాళ్ల శాతం సగటున 7కు పైగా తగ్గుతూ వచ్చింది. తర్వాతి పరిశీలనల్లో ఆ తేడా అంత పెద్దగా కనిపించలేదు, కానీ దారి మాత్రం అదే. ఆలస్యమయ్యే కొద్దీ నష్టం.

ఈ శాతాలు మనకోసం. బంధువులకు నేను చెప్పేది వేరే: “ఇన్ఫెక్షన్ తెచ్చిన పురుగు గంటగంటకూ పెరుగుతోంది. కిడ్నీకి రక్తం అందని ప్రతి గంటా దానికి దెబ్బే. ఇప్పుడు ఆపితే కిడ్నీ మళ్లీ కోలుకునే అవకాశం ఎక్కువ. రేపు ఆపితే ఆ అవకాశం తగ్గుతుంది.” బతుకుతాడా అని సూటిగా అడిగితే సూటిగానే చెబుతాను. బీపీ మందుతో తప్ప నిలవని స్థితికి చేరినవాళ్లలో పదిమందికి నలుగురు దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువమంది, పోతారు. “ఆయన ఏ వైపు ఉన్నాడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. రేపు పొద్దున ఒంటికి ఎంత వచ్చిందో చూసి ఇంకొంచెం చెప్పగలం.” రేపటి దాకా పట్టుకోవడానికి వాళ్లకు ఒక గుర్తు దొరుకుతుంది, మనమూ మాట తప్పినట్టు కాదు.

ఆ రాత్రి జరిగిన వరస ఇది. 7:45కు, ఇన్ఫెక్షన్ తెచ్చింది ఏ పురుగో తేల్చే కల్చర్ టెస్టు కోసం రక్తం తీశారు. 7:55కు యాంటీబయాటిక్ పడింది. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది, దాని కోసం సూది ఆగదు. “టెస్టులు రాకముందే మందు ఎలా ఇస్తారు?” అని కొడుకు అడిగాడు. “ఏ పురుగో తేలేలోగా ఎక్కువ రకాల మీద పనిచేసే మందు వేస్తాం. తేలాక దానికి సరిపోయేది ఉంచి మిగిలినవి తీసేస్తాం” అన్నాను. ఆయన బరువు దాదాపు 60 కిలోలు. మొదటి మూడు గంటల్లో కిలోకు 30 మిల్లీలీటర్ల లెక్కన 1800, అంటే సుమారు రెండు లీటర్లకు కొంచెం తక్కువ సెలైన్. తొమ్మిదిన్నరకు కూడా బీపీ 88 దాటలేదు, పంపు పెట్టారు. షుగర్‌కు ఇన్సులిన్ విడిగా నడుస్తోంది. పదకొండుకు సర్జన్ చీము తీయడానికి లోపలికి తీసుకెళ్లారు.

చీము తీసే విషయం నొక్కి చెప్పండి. మందులు నడుస్తున్నాయి కదా, ఆపరేషన్ రేపు చూద్దాం అంటారు. “కుళ్లిన కండలోకి రక్తం పోదు. రక్తం పోని చోటికి మందూ పోదు” అంటే అర్థమవుతుంది. రెండు వేళ్లు తీయాల్సి రావచ్చని, ఇంకా పైకి పాకి ఉంటే ఇంకొంచెం తీయాల్సి రావచ్చని సంతకానికి ముందే చెప్పాలి.

తిరిగి చెప్పించుకోవడం

“అర్థమైందా?” అని అడగకండి. ఎవరైనా అవుననే అంటారు. ఆ పాత రాత్రి నాకు నేర్పినది ఇదే. ఇప్పుడు నేను అడిగేది: “తమ్ముడూ, ఇప్పుడు మీ అక్కకు ఫోన్ చేస్తావు కదా, ఏమని చెబుతావో నాకు చెప్పు.”

కొడుకు అన్నాడు: “పుండు నుంచి ఒళ్లంతా పాకింది, బీపీ డౌన్ అయింది, ఐసీయూలో పెడతారంట.”

చాలావరకు వచ్చింది, కానీ ముఖ్యమైనది రాలేదు. “అక్కను పొద్దున రమ్మంటావా, ఇప్పుడే రమ్మంటావా?” అన్నాను. అతను నా మొహం చూసి, “ఇప్పుడే రమ్మనాలా?” అన్నాడు. “ఇప్పుడే” అన్నాను. అప్పుడు అతని చేతిలో ఫోన్ వణికింది. ప్రమాదం అర్థమైంది ఆ క్షణంలోనే.

“బెంగుళూరుకు తీసుకుపోతాం”

స్పీకర్లో ఉన్న అల్లుడు అనేది తరచుగా ఇదే. అనంతపురం నుంచి బెంగుళూరు 200 కిలోమీటర్లకు పైనే. కర్నూలు వాళ్లు హైదరాబాద్ అంటారు, కడప వాళ్లు తిరుపతి అంటారు. దాన్ని అవమానంగా తీసుకోవద్దు, తమ మనిషికి మంచిది కావాలనే ఆరాటం అది. కాదనకుండా వరస మాత్రం మార్చండి: “తీసుకుపోవాలంటే మీ ఇష్టం. కానీ సూది పడకుండా, సెలైన్ ఎక్కకుండా కదిలితే ఆ నాలుగు గంటలు వైద్యం లేకుండా పోయినట్టే. ముందు సూది పడనివ్వండి, బీపీ కొంచెం నిలవనివ్వండి. తర్వాత ఆక్సిజన్, పంపు ఉన్న అంబులెన్సులో, తోడుగా మనిషిని పెట్టుకుని పోండి. అక్కడ బెడ్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.” ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారో, కల్చర్ తీశారో లేదో, సెలైన్ ఎంత పోయిందో కాగితం మీద రాసి కొడుకు చేతిలో పెట్టండి. అది లేకపోతే అక్కడ మొదటి నుంచి మొదలవుతుంది.

రెండో రోజు వచ్చే గొడవ

“మాట్లాడుతూ వచ్చిన మనిషిని మీరు ఇట్లా చేశారు.” ఈ మాట పడని నర్సు ఉండదు. యాంటీబయాటిక్ పడగానే జబ్బు తిరిగిపోదు. మొదటి ఒకటి రెండు రోజులు మనిషి ఇంకా దిగజారవచ్చు. మొహం, చేతులు సెలైన్‌తో వాస్తాయి. ఊపిరి అందకపోతే వెంటిలేటర్ పెడతారు. బంధువుల కళ్లకు ఇదంతా ఆస్పత్రి చేసినట్టే కనిపిస్తుంది.

ఈ గొడవకు మందు ముందు రాత్రే వేయాలి. “రేపు ఆయన మొహం వాచి కనిపించవచ్చు. ఇంకా మత్తుగా ఉండవచ్చు. కిడ్నీ టెస్టు రేపు ఈరోజుకన్నా ఎక్కువ చూపించవచ్చు, ఎందుకంటే ఈరోజు తగిలిన దెబ్బ టెస్టులో రేపు కనపడుతుంది.” ఇలా ముందే చెబితే, అది జరిగినప్పుడు “సిస్టర్ నిన్ననే చెప్పింది” అవుతుంది. చెప్పకపోతే గొడవ అవుతుంది.

వాళ్లు చూడదగ్గ గుర్తు ఒకటి ఇవ్వండి. నేను మూత్రం సంచి చూపిస్తాను. ఆయన బరువుకు గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. రెండో రోజు పొద్దున కిడ్నీ టెస్టులో క్రియాటినిన్ పెరిగింది, మొహం వాచింది, కానీ సంచిలో గంటకు 35 పడుతోంది. “రిపోర్టు ఇంకా బాగాలేదు, కానీ చివరి చెట్టుకు నీళ్లందుతున్నాయమ్మా” అంటే ఆమె సంచి వంక చూసి చేతులు జోడించింది. మూడో రోజు బీపీ పంపు ఆపారు. నాలుగో రోజు ఆయన కొడుకును అడిగిన మొదటి ప్రశ్న, తోటకు నీళ్లు వదిలారా అని.

ఇంటికి పంపేటప్పుడు నేర్పాల్సిన గుర్తులు

రెండు వేళ్లు పోయి, మూడో వారంలో ఇంటికి వెళ్లారు. సెప్సిస్ నుంచి బయటపడినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో మళ్లీ ఇన్ఫెక్షన్‌తో ఆస్పత్రికి రావడం మామూలే. అందుకే మందుల చీటీ ఎంతో ఈ పాఠమూ అంతే. దీన్ని హడావుడిగా కాకుండా, డిశ్చార్జి ముందురోజు మంచం పక్కనే కూర్చుని నేర్పండి.

మొదట పోగొట్టాల్సిన నమ్మకం: జ్వరం తగ్గితే జబ్బు తగ్గినట్టే అన్నది. ఈ ఇంట్లో మోసం చేసింది అదే. పెద్దవయసు వాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో సెప్సిస్ జ్వరం లేకుండానే రావచ్చు. ఒళ్లు చల్లబడటం ఇంకా చెడ్డ గుర్తు. జ్వరం బిళ్ల వేసి దించిన జ్వరాన్ని చూసి ధైర్యపడకూడదు. “జ్వరాన్ని కాదమ్మా, మనిషిని చూడు” అని ఆమెకు చెప్పాను.

మనిషిని చూడటమంటే ముందుగా మాట. తెలిసిన పేరు మర్చిపోవడం, లేనివాళ్లను పిలవడం, అకారణంగా కసురుకోవడం, పట్టపగలు లేపినా లేవకుండా మూలుగుతూ పడుకోవడం. ఆయన మామూలుగా ఎలా ఉంటాడో ఇంట్లోవాళ్లకు తెలిసినంత డాక్టరుకు తెలియదు. “ఏదో తేడాగా ఉన్నాడు” అని భార్యకు అనిపిస్తే ఆ మాటే చాలు. షుగర్ మందులు వాడేవాళ్లకైతే వెంటనే షుగర్ చూడాలి, తక్కువ ఉంటే అదే కారణం కావచ్చు.

తర్వాత ఊపిరి. దీన్ని చేయించి నేర్పాలి. భర్త పొట్టమీద ఆమె చెయ్యి పెట్టించాను, కొడుకు ఫోన్లో నిమిషం పెట్టాడు. పైకి లేచినప్పుడల్లా ఒకటి. మొదటిసారి ఆమె లేచినదీ, దిగినదీ రెండూ లెక్కపెట్టి 36 చెప్పింది. అందరూ ఇలాగే తప్పుతారు, అందుకే చేయించి చూడాలి. రెండోసారి 18 వచ్చింది. పెద్దవాళ్లకు 12 నుంచి 20 మామూలు. ఊరికే పడుకుని ఉన్నప్పుడు 22 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే, ఇన్ఫెక్షన్ కూడా ఉంటే, ఆగకూడదు. లెక్కపెడుతున్నట్టు ఆయనకు చెప్పవద్దు, తెలిస్తే ఊపిరి తీరు మారుతుంది.

మిగిలినవి త్వరగానే అర్థమవుతాయి. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒంటికి పోకపోవడం. చేతులు కాళ్లు చల్లబడి చెమటలు పట్టడం, మోకాళ్ల దగ్గర చర్మం నీలం మచ్చలుగా మారడం. మన రంగుకు అది సరిగా కనిపించకపోతే పెదవులు, నాలుక, అరచేతులు చూడాలి. దంతాలు కొట్టుకునేంత వణుకు. భరించలేని ఒళ్లు నొప్పులు. బాలింతకు జ్వరంతో పాటు వాసన వచ్చే స్రావం ఉంటే, రెండు నెలల్లోపు పసిబిడ్డ పాలు తాగడం మానేసినా, ఊపిరి నిమిషానికి 60 చేరినా, మిగిలిన గుర్తుల కోసం ఎదురు చూడకూడదు.

వీటిలో ఏ ఒక్కటీ సెప్సిసేనని రుజువు చేయదు. వడదెబ్బకూ మాట తడబడుతుంది, ఆస్తమాకూ ఊపిరి పెరుగుతుంది. మొదట్లో ఈ గుర్తులేవీ లేకుండా వచ్చే సెప్సిస్ కూడా ఉంది. ఇంట్లో తేల్చాల్సింది జబ్బు పేరు కాదు, బయల్దేరాలా వద్దా అన్నదే. పుండు, దగ్గు, మూత్రంలో మంట, ఏదో ఒక ఇన్ఫెక్షన్ ఉండి, పైవాటిలో ఒక్కటి కనిపించినా 108కు ఫోన్ చేయాలి. రాత్రయితే పొద్దున దాకా ఆగకూడదు. ఇంట్లో మిగిలిన పాత యాంటీబయాటిక్ బిళ్లలు వేసి చూద్దాం అనకూడదు.

ఇవన్నీ ఆమెకు చదవడం రాకపోయినా గుర్తుండాలి. కొడుకుతో ఓపీ చీటీ వెనక నాలుగు మాటలు రాయించాను: మాట, ఊపిరి, ఒంటికి, చలువ. ఆమె వేళ్లమీద లెక్కపెట్టి నాలుగూ చెప్పింది. ఐదో వేలు పట్టుకుని “దీనికేమీ లేదా?” అంది. ఉంది. ఏ ఆస్పత్రికి వెళ్లినా, డాక్టరు నోరు తెరవకముందే చెప్పాల్సిన మాట. రెండుసార్లు అనిపించాను: “మా ఆయనకు ఇంతకుముందు సెప్సిస్ వచ్చింది. ఇది కూడా అదేమో చూడండి.”